ఏసీ గాలి, హీటర్ గాలి, రేగే జుట్టు: ఎవరి మాట ఎంతవరకు నిజం

పొడిగాలికి జుట్టు రేగిపోతోందంటే చాలు, సలహాలు నాలుగు దిక్కుల నుంచి వస్తాయి. నూనె పెట్టు, అంతా సర్దుకుంటుంది అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. నూనె మానేసి కండిషనర్ వాడమంటారు పార్లర్‌లో. గ్లిజరిన్ ఉన్న క్రీము రాయమని ఒకరంటే, చలికాలంలో గ్లిజరిన్ రాస్తే జుట్టులో మిగిలిన తేమ కూడా పోతుందని ఇంకొకరు. చెక్క దువ్వెన, పట్టు దిండుగలీబు, అయాన్లు వదిలే డ్రయర్, గదిలో గిన్నెడు నీళ్లు... ప్రతిదానికీ ఒక వర్గం ఉంది. ఇందులో చాలామంది చెప్పేది కొంతవరకు నిజమే. చిక్కల్లా ఎక్కడంటే, వాళ్లందరూ ఒకే సమస్య గురించి మాట్లాడటం లేదు, ఒకే గాలి గురించీ మాట్లాడటం లేదు.

ఒక పేరు కింద మూడు ఫిర్యాదులు

దువ్వెన ఎత్తగానే వెంట్రుకలు దాని వెంట లేచి రావడం, జాకెట్ తీసేటప్పుడు చిటపటలాడి చెంపలకు అంటుకుపోవడం స్టాటిక్. బడిలో స్థిరవిద్యుత్తు అని చదువుకున్నది ఇదే. వెంట్రుకలన్నీ ఒకే రకం చార్జి మోస్తుంటాయి కనుక ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి, తల చుట్టూ విచ్చుకుంటాయి. చేతికి గరుగ్గా తగలడం, కొసలు చిట్లడం, దువ్వితే చిక్కుపడటం పొడిబారడం. ఇది పైపొర అరుగుదలకు సంబంధించినది. పాపిట పక్కన, నుదుటి మీద పొట్టి వెంట్రుకలు నిటారుగా నిలబడటం మూడోది. ఇవి సగంలో విరిగినవి కావచ్చు, కొత్తగా మొలుస్తున్నవి కావచ్చు. కాన్పయిన కొన్ని నెలలకు రాలిన జుట్టు తిరిగి మొలిచేటప్పుడు నుదుటి అంచున ఇలాంటి వరస కనబడుతుంది. జుట్టు నెలకు దాదాపు ఒక సెంటీమీటరు పెరుగుతుంది కాబట్టి, మూడు నాలుగు సెంటీమీటర్ల పొట్టి వెంట్రుకలన్నీ ఒకే పొడవున ఉంటే అవి చాలావరకు కొత్త మొలకలే.

ఏది ఏదో తేల్చుకోవడం కష్టం కాదు. తల దువ్వి, పొడి అరచేతిని జుట్టుకు రెండంగుళాల దూరంలో తాకకుండా ఆడించాలి. వెంట్రుకలు చేతి వైపు వంగి, చెయ్యి కదిలితే తామూ కదిలితే అది స్టాటిక్. చెయ్యి ఎటు పోయినా పట్టించుకోకుండా నిలబడే ఉంటే అవి పొట్టి వెంట్రుకలు. పొడిబారడం చూపుకు కాదు, వేళ్లకు తెలుస్తుంది. ఒక వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కొస నుంచి కుదురు వైపు జరిపితే ఎవరి జుట్టయినా కొంచెం గరుకే. కుదురు నుంచి కొసకు జరిపినప్పుడు కూడా గరుగ్గా తగిలితే పైపొర దెబ్బతిన్నట్టు.

ఈ మూడూ కలిసి రావడం మామూలే. అరిగిన పైపొర మీద రాపిడి ఎక్కువ, రాపిడి ఎక్కువైతే చార్జి ఎక్కువ, విరగడమూ ఎక్కువ. అయినా మందు మాత్రం వేరు వేరు. కొత్త మొలకలకు ఏ సీరమూ పనిచేయదు, అవి పెరిగి పెద్ద జుట్టులో కలిసేదాకా ఆగడమే.

గాలి లెక్క: ఏసీ, హీటర్ ఒకటి కావు

ఈ చర్చలో అన్నిటికంటే ఎక్కువగా కలగాపులగమైన భాగం ఇదే. ఏసీ తేమను లాగేస్తుంది కాబట్టి చలిదేశంలో హీటరు చేసే పనే ఇక్కడ ఏసీ చేస్తుందని చాలామంది రాస్తుంటారు. లెక్క వేసి చూస్తే అలా తేలదు.

గాలి ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువ నీటి ఆవిరిని పట్టగలదు. వాతావరణ వార్తల్లో చెప్పే తేమ శాతం, ఆ ఉష్ణోగ్రత దగ్గర పట్టగలిగినదానిలో ఇప్పుడు ఎంత ఉందో చెప్పే లెక్క. ఉన్న ఆవిరి మారకుండా గాలిని వేడి చేస్తే శాతం పడిపోతుంది, చల్లబరిస్తే పెరుగుతుంది. వెంట్రుక పట్టించుకునేది ఈ శాతాన్నే. తేమ 65 శాతం ఉన్న గాలిలో వెంట్రుక తన బరువులో దాదాపు 15 శాతం నీటిని పట్టి ఉంచుకుంటుంది, 30 శాతానికి దిగితే 8, 9 శాతం దగ్గర ఆగుతుంది.

న్యూజెర్సీలో జనవరి రోజు చూద్దాం. బయట సున్నా డిగ్రీలు, తేమ 80 శాతం. అదే గాలి ఇంట్లోకొచ్చి 22 డిగ్రీలకు వేడెక్కితే తేమ 18, 19 శాతానికి పడిపోతుంది. ఎవరూ ఒక్క చుక్క నీరు తీసేయలేదు, వేడి చేశారంతే. బయట మైనస్ పది అయితే లోపల పది శాతం లోపే. అక్కడి తెలుగువాళ్ల ఇళ్లలో తలుపు గడియ ముట్టుకుంటే షాక్ కొట్టడం, టోపీ తీస్తే జుట్టు లేచి నిలబడటం ఈ లెక్కలో నుంచి వచ్చినవే.

ఇప్పుడు ఏప్రిల్ మధ్యాహ్నం హైదరాబాద్. బయట 38 డిగ్రీలు, తేమ 20 శాతం. ఈ గాలిని ఆఫీసులో 24 డిగ్రీలకు చల్లబరిస్తే తేమ దాదాపు 44 శాతానికి పెరుగుతుంది. బయటి కంటే లోపలే రెట్టింపు. అలాంటి రోజుల్లో ఏసీ పైపు నుంచి నీళ్లు కారవు, కారినా చుక్కలే. గాలిలో తీయడానికి పెద్దగా నీరే లేదు మరి. విశాఖలో జులై సాయంత్రం కథ వేరు. 30 డిగ్రీలు, 80 శాతం తేమతో ఉన్న గాలిని అలాగే 24కు చల్లబరిస్తే అంత ఆవిరిని పట్టలేదు, కాయిల్ మీద నీరై పైపులో ధారగా పోతుంది. ఇక్కడ ఏసీ నిజంగానే తేమ లాగేస్తోంది. లాగేసినా గది ఎక్కడ ఆగుతుంది? పెద్ద ఆఫీసుల్లో కాయిల్ దాటి వచ్చే గాలి 12, 13 డిగ్రీల దగ్గర దాదాపు ఆవిరితో నిండే వస్తుంది. గదిలో 24కు చేరేసరికి అది 48, 50 శాతం. బయట ఎంత ఉక్కపోసినా లోపల ఇంచుమించు ఇంతే.

అంటే మన ఊళ్లలో ఏసీ గది సాధారణంగా 45, 50 శాతం దగ్గర ఉంటుంది. ఇది మరీ పొడిగాలి కాదు. వెంట్రుక మీద చార్జి నిలవడం గట్టిగా మొదలయ్యేది 40 శాతం లోపు, 30 లోపు అయితే ఇక ఆగదు. మన దగ్గర ఆ హద్దు దాటించేది ఏసీ కాదు, బయటి పొడిగాలే, ముఖ్యంగా చలికాలంలో ఈశాన్యం నుంచి వీచేది. ఆదిలాబాద్‌లో జనవరి మధ్యాహ్నం 27 డిగ్రీల్లో తేమ 25 శాతానికి దిగితే ఏసీ ఉన్నా లేకున్నా జుట్టు లేస్తుంది. అదే చలికాలంలో తెల్లవారుజామున లంబసింగిలో మంచు కప్పుకుని ఉన్నప్పుడు దువ్వితే లేవదు, గాలి తేమతో నిండి ఉంటుంది కనుక. చలి తప్పేమీ లేదన్నమాట, పొడి తప్పు.

మరి ఏసీ ఆఫీసులో రేగిపోతోందని చెప్పేవాళ్లందరూ అబద్ధమాడుతున్నారా? లేదు. విశాఖలో బస్సు దిగినప్పుడు 80 శాతం గాలిలో ఉబ్బి ఉన్న వెంట్రుక, 50 శాతం గదిలో కూర్చున్న కాసేపటికే చాలా నీరు వదిలేస్తుంది. ఆ మార్పు చేతికి, కంటికి తెలుస్తుంది. పైగా ఆఫీసులో స్టాటిక్‌ను పుట్టించే వస్తువులు ఇంట్లో కంటే ఎక్కువ. ఆ సంగతి తర్వాత. రెండొందలో మూడొందలో పెట్టి చిన్న డిజిటల్ తేమ మీటరు కొని రెండు రోజులు డెస్క్ మీద ఉంచితే సగం వాదన అక్కడే తేలిపోతుంది.

చార్జి పుట్టుక: పాత ప్రశ్న, సగం జవాబు

రుద్దిన వస్తువు తేలికైనవాటిని లాగుతుందన్న సంగతి క్రీస్తుపూర్వపు గ్రీకులకు తెలుసు. విలియం గిల్బర్ట్ 1600లో అచ్చువేసిన అయస్కాంతాల పుస్తకంలో అలా లాగే వస్తువుల జాబితానే ఇచ్చాడు. ఆ తర్వాత వస్తువులను వచ్చే చార్జిని బట్టి పేర్చిన వరసల్లో ఒక కొసన ఉన్నవి రాపిడిలో ధన చార్జి, రెండో కొసన ఉన్నవి రుణ చార్జి తెచ్చుకుంటాయి. మనిషి జుట్టు, ఉన్ని, నైలాన్ ధన కొస వైపు ఉంటాయి. పాలిస్టర్, పాలిథీన్, పీవీసీ రుణ కొస వైపు. నూలు ఇంచుమించు మధ్యలో. వరసలో ఎంత దూరపు రెండు వస్తువులు రాసుకుంటే అంత చార్జి.

జుట్టు విషయంలో ఇంకో మెలిక ఉంది. వెంట్రుక పైపొర పెంకుటింటి కప్పులా ఒకదాని మీద ఒకటి పరిచిన పొలుసులతో ఉంటుంది, పొలుసుల అంచులు కొస వైపు తిరిగి ఉంటాయి. ఉన్ని పరిశోధనలో పనిచేసిన ఆర్చర్ మార్టిన్, ఉన్ని, వెంట్రుకల రాపిడి విద్యుత్తు మీద 1941లో రాసిన పత్రంలో, పోచను కుదురు వైపు నుంచి లాగితే ఒక రకం చార్జి, కొస వైపు నుంచి లాగితే దానికి వ్యతిరేక రకం వస్తోందని చూపించాడు. ఈ మార్టినే తర్వాత 1952లో క్రోమటోగ్రఫీకి నోబెల్ అందుకున్నాడు. అంటే ఏ వస్తువుతో రాసుకుంది అన్నదే కాదు, ఏ దిశలో రాసుకుంది అన్నదీ లెక్కలోకి వస్తుంది. వెనక్కి దువ్వి జుట్టు ఉబ్బించే అలవాటుకు పొడిరోజుల్లో శిక్ష ఎక్కువ పడటానికి ఒక కారణం ఇదే, రెండోది ఎదురు పొలుసుల మీద రాపిడి.

పుట్టిన చార్జి నిలవాలా పోవాలా అన్నది తేమ చేతిలో ఉంటుంది. తేమ 30 నుంచి 60 శాతానికి పెరిగితే వెంట్రుక విద్యుత్తును అడ్డుకునే శక్తి వందల రెట్లు తగ్గుతుంది. తడిగా ఉన్న వెంట్రుక మీద చార్జి పుట్టిన వెంటనే పాకిపోతుంది, పొడి వెంట్రుక మీద పుట్టిన చోటే కూర్చుంటుంది. కుళాయినో ఇనప బీరువానో ముట్టుకుంటే ఒంట్లో చార్జి పోతుంది గానీ జుట్టు దిగదని చాలామంది ఆశ్చర్యపోతారు. పొడి వెంట్రుకలో చార్జి కదలదు కదా, దాన్ని ఒంటి గుండా పంపడం కుదరదు.

నూనె పక్షం

కొబ్బరినూనెను సమర్థించేవాళ్లు తరచూ చూపించే ఆధారం ఒకటుంది. 2003లో రెలె, మొహిలే అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొబ్బరి, పొద్దుతిరుగుడు, ఖనిజ నూనెలను పోల్చి, జుట్టు నుంచి ప్రోటీను పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటేనని చూపారు. తలంటుకు ముందు రాసినా, తర్వాత రాసినా అదే ఫలితం. దానిలోని లారిక్ ఆమ్లం చిన్నది, తిన్ననిది కనుక వెంట్రుక లోపలికి వెళ్లగలుగుతుందని వాళ్ల వివరణ. వాళ్లు కొబ్బరినూనె అమ్మే మారికో సంస్థ పరిశోధకులన్నది గుర్తుంచుకోవాలి. అంతమాత్రాన ఫలితం తప్పు కాదు. ఆ ప్రయోగం కొలిచింది ప్రోటీను నష్టాన్ని, స్టాటిక్‌ను కాదన్నది మాత్రం ఈ చర్చకు ముఖ్యం.

స్టాటిక్ విషయంలో నూనె చేసేది ఒకటే పని, రాపిడి తగ్గించడం. వెంట్రుక మీద వెంట్రుక, దువ్వెన మీద వెంట్రుక జారిపోతాయి, చార్జి తక్కువ పుడుతుంది. పుట్టిన చార్జిని పంపించేయడంలో నూనె చేసేదేమీ లేదు, అది విద్యుత్తును మోయదు. బరువు వల్ల వెంట్రుకలు అణగి ఉండటం మాత్రం అదనపు లాభం. నూనె రాసి బిగించి అల్లిన జడ పొడిగాలిలో రేగకపోవడానికి ఈ రెండూ కారణమే, జడ కావడం మరీ పెద్ద కారణం. విడివిడి పోచలు గాలికి, బట్టకు తగలవు కదా.

నూనె ఓడిపోయే చోట్లు కూడా ఉన్నాయి. పలుచటి జుట్టు మీద కుదుళ్ల దగ్గర రాస్తే జుట్టు అతుక్కుని బట్టతల కనబడేలా చేస్తుంది. తలలో జిడ్డు పొట్టు, ఎర్రదనం, దురద ఉంటే నూనె ఆ బాధను పెంచవచ్చు. దానికి కారణమయ్యే మలసీజియా అనే ఈస్టు కొవ్వు మీదే బతుకుతుంది. పొట్టు కనబడగానే 'తల పొడిబారింది, నూనె పట్టించు' అనే ఇంటి వైద్యం అందుకే చాలాసార్లు తిరగబడుతుంది. చలిదేశంలో ఇంకో చికాకు, 24 డిగ్రీల లోపు కొబ్బరినూనె గడ్డ కడుతుంది. చేతిలో పూర్తిగా కరగని నూనె తల మీద అక్కడక్కడ ముద్దలుగా మిగులుతుంది.

కండిషనర్ పక్షం

సబ్బులు, కుంకుడుకాయలు ఉన్నంతకాలం జుట్టు మీద ఎంతో కొంత జిడ్డు, కాస్త పొర మిగిలేది. గత శతాబ్దం 30లలో మొదలైన సింథటిక్ డిటర్జెంటు షాంపూలు ఆ పొరను శుభ్రంగా కడిగేశాయి. శుభ్రమైన వెంట్రుక రేగడం మొదలైంది. బట్టల మిల్లుల్లో నూలు మెత్తబరచడానికి వాడే ధన చార్జి రసాయనాలను జుట్టుకూ పలుచగా వాడటం ఆ తర్వాతే వచ్చింది. నేటి కండిషనర్లన్నీ దాని సంతానమే.

పని చేసే తీరు ఇది. నీళ్లలో తడిసిన వెంట్రుక పైపొర రుణ చార్జితో ఉంటుంది, ముఖ్యంగా రంగు వేసిన, బ్లీచ్ చేసిన చోట్ల. కండిషనర్‌లోని అణువుకు ఒక కొసన ధన చార్జి, ఇంకో కొసన కొవ్వు తోక. ధన కొస వెంట్రుకను పట్టుకుంటుంది, తోక బయటికి తిరిగి జారుడుపొర అవుతుంది. దెబ్బతిన్న చోటే ఎక్కువగా అతుక్కోవడం దీని గొప్పదనం. నూనెకు ఆ విచక్షణ లేదు. రాపిడి తగ్గుతుంది, ఆ అణువుల చుట్టూ కాస్త నీరు నిలిచి చార్జి పాకిపోవడానికి దారి కూడా ఏర్పడుతుంది. స్టాటిక్‌కు రెండు వైపుల నుంచీ పనిచేసేది ఇది ఒక్కటే. అందుకే ఈ వ్యాసకర్త మొగ్గు ఇటే.

సీసా మీద చూడాల్సింది పదార్థాల పట్టీలో మొదటి నాలుగైదు పేర్లు. బెహెన్‌ట్రిమోనియం, సెట్రిమోనియం అనే మాటలు అక్కడ కనబడితే సరైన సరుకే. పట్టీ చివర ఆర్గాన్ నూనె బొట్టు ఉందని అట్ట మీద పెద్దక్షరాల్లో వేస్తే దాన్ని చూసి కొనక్కర్లేదు.

చాలామందికి కండిషనర్ పనిచేయదనిపించడానికి కారణం వాడే తీరు. షాంపూ కడిగాక జుట్టులో నీళ్లు చేత్తో పిండేయాలి, నీళ్లు కారుతున్న జుట్టు మీద రాస్తే సగం కాలవలోకి పోతుంది. చెవుల కింద నుంచి కొసల దాకా రాసి, వేళ్లతో చిక్కు తీసి, రెండు మూడు నిమిషాలు ఉంచి కడగాలి. తల చర్మానికి అక్కర్లేదు. షాంపూకు ముందు రాసి షాంపూతో కడిగేస్తే మిగిలేది అంతంత మాత్రమే.

షాంపూ ఆమ్లక్షార గుణం మీదా చర్చ ఉంది. బ్రెజిల్ చర్మవైద్యులు 2014లో 123 షాంపూలను పరీక్షించి, అనేక సీసాల్లో పీహెచ్ 5.5 కంటే ఎక్కువ ఉందని, అది పెరిగే కొద్దీ వెంట్రుక మీద రుణ చార్జి, రాపిడి పెరుగుతాయని రాశారు. స్నానం సబ్బు దాదాపు 9, 10 దగ్గర ఉంటుంది. బోరు నీటిలోని సున్నంతో కలిస్తే జుట్టు మీద తెల్లటి జిగురు కూడా మిగులుస్తుంది. కుంకుడు, శీకాయ రసాలు ఆమ్లం వైపే ఉంటాయి, ఆ లెక్కన పాత పద్ధతికి మంచి మార్కులే పడతాయి. పల్లెలకు షాంపూ ప్యాకెట్ చేరినంత వేగంగా కండిషనర్ ప్యాకెట్ చేరలేదు. కుంకుడుకాయ పోయి ఉత్త షాంపూ మిగిలిన ఇళ్లలో జుట్టు పొడిబారిందనే మాట ఎక్కువ వినబడటంలో వింతేమీ లేదు.

తాకే వస్తువుల పక్షం

ఏసీ ఆఫీసు ఫిర్యాదుకు సగం జవాబు ఇక్కడుంది. భుజాల కింద దాకా విడిచిన జుట్టున్న ఉద్యోగిని కూర్చునే చోటు చూడండి. కుర్చీ వీపు పాలిస్టర్ వల, ఒంటి మీద ఏసీకి వేసుకున్న ఫ్లీస్ జాకెట్ పాలిస్టర్, మెడ చుట్టూ జార్జెట్ చున్నీ పాలిస్టర్, నేల మీద నైలాన్ కార్పెట్, చెవులకు హెడ్‌ఫోన్ల ప్లాస్టిక్ పట్టీ. జుట్టు ఒక కొస, కార్పెట్ తప్ప ఇవన్నీ ఇంకో కొస. తల తిప్పిన ప్రతిసారీ రాపిడే. గదిలో తేమ 45 శాతమే అయినా ఇంత రాపిడిలో చార్జి వెళ్లిపోయేలోపు కొత్తది పుడుతూనే ఉంటుంది.

ఇక్కడ చిన్న మార్పులకే ఫలితం పెద్దగా ఉంటుంది. కుర్చీ వీపు పైభాగాన ఒక నూలు తువ్వాలు, ఫ్లీస్‌కు బదులు నూలు జాకెట్, జుట్టు కనీసం ఆఫీసు గంటల్లో జడగానో ముడిగానో ఉండటం. జాకెట్ మార్చడం కుదరకపోతే, బట్టలకు వాడే మెత్తబరిచే ద్రవంలో ఆఖరిసారి జాడిస్తే చాలు, అది కూడా ధన చార్జి రసాయనమే. అమెరికాలో బట్టల డ్రయర్‌లో వేసే షీటుతో నేరుగా జుట్టు తుడిచే చిట్కా ఒకటి తిరుగుతుంటుంది. పనిచేసే మాట నిజమే గానీ ఆ సువాసన రసాయనాలు తల చర్మానికి ఉద్దేశించినవి కావు.

దువ్వెనల విషయంలో ప్రచారం కాస్త ఎక్కువ. ప్లాస్టిక్ కంటే చెక్క మేలే. చెక్క కాస్త తేమ పట్టి ఉంచుకుంటుంది, వరసలో జుట్టుకు మరీ దూరమూ కాదు. లోహం, కార్బన్ దువ్వెనలు చార్జిని చేతిలోకి మోసుకుపోతాయి. రబ్బరు చెప్పులతో కార్పెట్ మీద నిలబడితే ఆ చెయ్యి కూడా దాన్ని ఎక్కడికీ పంపలేదు. గరుకుగా, మొరటుగా చెక్కిన చెక్క దువ్వెన కంటే పళ్ల మధ్య అచ్చు గీత లేని నునుపైన ప్లాస్టిక్ దువ్వెనే నయం. కొనేముందు పళ్ల సందుల్లో గోరు పెట్టి చూసుకుంటే ఆ గీత తగులుతుంది.

అయాన్ల డ్రయర్‌లో తర్కం ఉంది. ధన చార్జి ఉన్న జుట్టు మీద రుణ అయాన్లు పడితే చార్జి చల్లారుతుంది. అది మళ్లీ దువ్వేవరకే. నీటిబొట్లను చిన్నవి చేసి వెంట్రుకలోకి పంపుతుందనే ప్రకటనకు మాత్రం నమ్మదగిన ఆధారం లేదు.

న్యూజెర్సీ గది, హైదరాబాద్ డెస్కు

న్యూజెర్సీ ఇంట్లో ఒకామె, హైదరాబాద్ ఆఫీసులో ఒకామె అనుకుందాం. ఇద్దరి సంగతి పక్కపక్కన పెడితే పక్షాల బలాలు తేలిగ్గా తెలుస్తాయి. న్యూజెర్సీలో పన్నెండడుగుల చదరపు పడకగది, ఎనిమిదడుగుల ఎత్తు, తేమ 18 శాతం. దాన్ని 40కి తేవాలంటే ఆ గాలిలోకి ముందు దాదాపు 140 మిల్లీలీటర్ల నీరు చేరాలి. తలుపు సందులు, కిటికీల గుండా రెండు గంటలకోసారి గాలి మొత్తం మారుతుందనుకుంటే, ఆ తేమ నిలవడానికి గంటకు మరో 70 మిల్లీలీటర్లు పోస్తూనే ఉండాలి. రాత్రి ఎనిమిది గంటలకు ముప్పావు లీటరు దాకా. చిన్న హ్యూమిడిఫైయర్‌కు ఇది సులువు. గదిలో గిన్నెడు నీళ్లు పెట్టే చిట్కా మాత్రం ఇక్కడ తేలిపోతుంది. పది అంగుళాల వెడల్పు గిన్నె నుంచి గంటకు అయిదారు మిల్లీలీటర్లు ఆవిరైతే గొప్ప. కావలసినదానిలో పదో వంతు కూడా లేదు. తడి తువ్వాళ్లు రెండు ఆరేస్తే అంతకంటే నయం. అలాగని 50 దాటించకూడదు, చల్లని కిటికీ అద్దాల మీద నీరు పట్టి అంచుల్లో బూజు వస్తుంది. అద్దం చెమర్చడం మొదలైతే అదే హద్దు.

ఈమెకు గాలి మార్చడం మొదటి పని, కండిషనర్ రెండోది, ఉన్ని టోపీకి లోపల పట్టో నూలో అస్తరు మూడోది. నూనె తలంటుకు ముందురోజు రాత్రికి పరిమితం.

హైదరాబాద్ డెస్కు దగ్గర మీటరు 44 చూపిస్తుంటే హ్యూమిడిఫైయర్ దండగ. వందమంది ఉన్న హాల్లో బల్ల మీది చిన్న యంత్రం వదిలే ఆవిరి ఎటుపోతుందో కూడా తెలియదు, కేంద్ర ఏసీ కాయిల్ దాన్ని తిరిగి నీరు చేసి పారబోస్తుంది. ఈమెకు కుర్చీ మీద నూలు గుడ్డ, జుట్టు ముడి, కడగక్కర్లేని కండిషనర్ క్రీము శనగగింజంత. అది అరచేతుల్లో పూర్తిగా రుద్దుకుని, ముందు కొసలకు, ఆఖరున చేతికి మిగిలినదాన్ని మాత్రమే పైభాగానికి రాయాలి. పైభాగానికి ముందు రాస్తే జిడ్డు ముద్ద అక్కడే కనబడుతుంది. ఉత్త నీళ్లు చిలకరించుకోవడం పావుగంట పని, ఆరగానే మొదటికే వస్తుంది. క్రీము లేనప్పుడు చేతులకు రాసుకునే లోషన్‌లో చేతికి మిగిలిన తడి కూడా అత్యవసరానికి పనికొస్తుంది.

ఇంకా తేలనివి

రుద్దితే చార్జి ఎలా బదిలీ అవుతుందన్న ప్రశ్నకే పూర్తి జవాబు లేదు. ఎలక్ట్రాన్లు దాటుతాయని ఒక వాదన, అయాన్లని ఒకటి, పదార్థపు రవ్వలే ఊడి అంటుకుంటాయని ఇంకొకటి. 2011లో అమెరికా పరిశోధకులు, తాకించి విడదీసిన ఉపరితలం అంతటా ఒకే చార్జి ఉండదని, ధన, రుణ మచ్చలు అతి చిన్న ముక్కలుగా కలిసి ఉంటాయని చూపాక, వస్తువుల వరసను మరీ కచ్చితంగా నమ్మేవాళ్లు తగ్గారు. సిలికోన్ సీరముల గందరగోళం దీనితోనే ముడిపడి ఉంది. సిలికోన్ వరసలో జుట్టుకు బాగా దూరం, విద్యుత్తును మోయదు, కాబట్టి స్టాటిక్ పెంచాలి. రాపిడిని మాత్రం బాగా తగ్గిస్తుంది, కాబట్టి తగ్గించాలి. ఏది గెలుస్తుందన్నది సీరములో ఇంకేం కలిపారు, ఎంత రాశారు అన్నదాన్ని బట్టి మారుతోంది.

గ్లిజరిన్ గొడవలో ఒక భాగం తేల్చవచ్చు. పొడిగాలిలో గ్లిజరిన్ జుట్టులోని నీటిని లాగేస్తుందనే మాట సరిగ్గా నిలవదు. గ్లిజరిన్, వెంట్రుక రెండూ చివరికి గదిలోని గాలితోనే సరితూగుతాయి. గ్లిజరిన్ పొర ఉన్నంత మాత్రాన వెంట్రుక గాలి చేసేదానికంటే ఎక్కువ పొడిబారదు. పైగా ఆ పొర పట్టి ఉంచే కాస్త నీరు చార్జికి దారి ఇస్తుంది. అయితే ఎక్కువ గ్లిజరిన్ జిగటగా ఉండి రాపిడి పెంచుతుంది, అప్పుడు లాభం పోతుంది. ఎంత మోతాదు దగ్గర లాభం నష్టంగా మారుతుందన్నది జుట్టు లావును బట్టి, మెలికలను బట్టి మారుతోంది. ఉంగరాల జుట్టువాళ్లు చెప్పే అనుభవం, తిన్నని జుట్టువాళ్లు చెప్పే అనుభవం కలవకపోవడం అందువల్లే కావచ్చు.

అన్నిటికంటే ఇబ్బంది పెట్టేది తేమ అనే మాటే కొలతకు లొంగకపోవడం. మనుషుల చేత వెంట్రుక కట్టలను తాకించి చేసిన పరీక్షల్లో, ఎక్కువ నీరు పట్టిన జుట్టును వాళ్లు తేమగా ఉందని చెప్పడం లేదు, తరచూ పొడిగా ఉందనే అంటున్నారు. తేమతో ఉబ్బిన వెంట్రుక పైన గరుగ్గా ఉంటుంది, చేతికి తెలిసేది ఆ గరుకే. అలాంటప్పుడు సీసా మీద '24 గంటల తేమ' అని రాసినది నీటిని లెక్కపెట్టి రాసిందా, నునుపును లెక్కపెట్టి రాసిందా అని అడగాల్సిందే. ఎక్కువ సీసాల విషయంలో అది నునుపే.